తెలుగు మీడియం పిల్లల ఇంగ్లీషు వ్యాసాలకు మార్కులు వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విశాఖలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. మా క్లాసుల్లో ఇంటర్ దాకా తెలుగు మీడియంలోనే చదివి వచ్చినవాళ్లు చాలామంది, కొందరు జాలారిపేట నుంచి, కొందరు పెందుర్తి, మాడుగుల వైపు నుంచి. పేపర్లు దిద్దే రోజుల్లో స్టాఫ్ రూమ్‌లో అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి కాబట్టి నాకు తెలిసినంత ఒకచోట రాసి పెడుతున్నాను. పైపైన చెప్తే ఉపయోగం ఉండదు, అందుకని ఒకే ఒక్క పేపరు పట్టుకుని మొత్తం చెప్తాను. ఫస్టియర్ అమ్మాయి రాసింది, మత్స్యకార కుటుంబం, పేరు లేకుండా వాడుకుంటానని అడిగితే సరే అంది. వ్యాసం అంశం 'సముద్రంలో వేట నిషేధం: ఎవరికి మేలు, ఎవరికి నష్టం'. 20 మార్కులు. ఆమె వాక్యాలు ఇంగ్లీషులోవే, ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను.

అసలు ఆ పేపర్లో ఏముంది?

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్లకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ సంగతి అందరూ రాశారు. ఈ అమ్మాయి అక్కడితో ఆగలేదు. బోటు ఓనరు ఆ రెండు నెలల్లో బోటు ఒడ్డుకెక్కించి బాగు చేయించుకుంటాడు, అతనికి ఆదాయం పోయినా బోటు మిగులుతుంది అంది. బోటు మీద పనిచేసే కలాసీకి జీతం ఉండదు, పడిన చేపలో వాటా ఉంటుంది, వేట లేకపోతే వాటా లేదు అంది. ప్రభుత్వం ఇచ్చే సాయం బోటు మీద వెళ్లేవాళ్ల పేరున వస్తుంది గానీ, హార్బర్లో బుట్ట పెట్టుకుని చేపలు అమ్మే తన తల్లి పేరున రాదు, ఆవిడకీ అవే రెండు నెలలు సంపాదన లేదు అంది. అలాగని నిషేధం తీసేయమనలేదు. తీసేస్తే చిన్న చేప కూడా వలలో పడిపోయి వచ్చే ఏడు అందరం నష్టపోతాం, కాబట్టి సాయం లెక్కలో ఒడ్డున పనిచేసేవాళ్లను కూడా చేర్చాలి అని ముగించింది.

ఇదంతా మూడు వందల మాటల్లో. నేను మొదటిసారి దానికి 8 వేశాను. పేపరు నిండా ఎర్ర గీతలే కనిపించాయి, ఆ గీతలు నేను గీసినవే, వాటిని చూసే మార్కు వేశాను. మర్నాడు కట్ట మళ్లీ తిరగేస్తుంటే, ఇంత విషయం ఇంకెవరూ రాయలేదని తెలిసింది.

తెలుగు ప్రభావం అంటే సరిగ్గా ఏవి?

ఆమె పేపర్లోవే చూడండి. ఒకటి: 'గవర్నమెంట్ గివింగ్ మనీ ఈజ్ కమింగ్ ఆన్ బోట్ గోయింగ్ పీపుల్ నేమ్'. దీన్ని తెలుగులో అనుకోండి, 'ప్రభుత్వం ఇచ్చే డబ్బు బోటు మీద వెళ్లేవాళ్ల పేరు మీద వస్తుంది'. ఒక్క తప్పు లేని వాక్యం. మనం 'ఇచ్చే డబ్బు', 'వెళ్లే మనిషి' అని క్రియను నామవాచకం ముందు పెట్టేస్తాం. ఇంగ్లీషులో ముందు డబ్బు రావాలి, ఆ తర్వాత 'దట్' లాంటిది ఏదో పెట్టి అది ఎలాంటి డబ్బో చెప్పాలి. ఆమె తన భాషలోని కట్టడాన్ని ఉన్నదున్నట్టు తీసుకెళ్లి అక్కడ నిలబెట్టింది.

రెండోది 'స్మాల్ స్మాల్ బోట్స్', మన 'చిన్న చిన్న పడవలు'. మూడోది 'కలాసీస్ ఓన్లీ ఆర్ లాసింగ్', కలాసీలే నష్టపోతున్నారు అన్నప్పుడు మనం చివర పెట్టే ఆ 'ఏ'. ఇంగ్లీషులో ఆ ఒత్తుకు సరిపోయే ముక్క లేక 'ఓన్లీ' అతికించింది. ఇక ఇంగ్లీషు ఆర్టికల్స్ 'ఏ', 'ద' అనేవి తెలుగులో అసలు లేవు కాబట్టి అవి దాదాపు ఎక్కడా లేవు, లేకపోతే అనవసరమైన చోట 'వన్' ఉంది, 'మై అంకుల్ ఈజ్ హావింగ్ వన్ బోట్' అని. (ఈ 'ఈజ్ హావింగ్' ఒక్క తెలుగువాళ్లదే కాదు, దేశమంతా వినిపిస్తుంది.)

అంటే తెలుగు మీడియం పేపర్లో ఉన్న ప్రతి తప్పూ తెలుగు వల్ల వచ్చిందేనా?

కాదు, ఇక్కడ మనం చాలాసార్లు పొరపడతాం. 'హీ గో', 'షీ సెల్ ఫిష్' అని 'ఎస్' లేకుండా రాస్తే అది తెలుగు ప్రభావం అనేస్తారు. తెలుగులో క్రియ మనిషిని బట్టి మారకుండా ఉంటుందా? వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు. మన పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఇన్ని రూపాలు పలుకుతున్నారు, వాళ్లకు ఇంగ్లీషులో ఒక్క 'ఎస్' కష్టమైందంటే ఆ నెపం తెలుగు మీద వేయలేం. ఏ భాషవాళ్లు ఇంగ్లీషు నేర్చుకున్నా ఆ 'ఎస్' ఆలస్యంగానే కుదురుతుంది. స్పెల్లింగ్ తప్పులు కూడా చాలామటుకు వేరే సంగతి.

ఇంకో మాట. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చే పిల్లల్లో కొందరికి ఇంట్లో భాష కువి గానీ ఆదివాసీ ఒరియా గానీ అయి ఉంటుంది, తెలుగు వాళ్లు బడిలో నేర్చుకున్న భాష. మీడియం కాలమ్ చూసి మాతృభాష తెలుగు అని రాసేయకండి, అడగండి.

మరి వేటికి మార్కు తగ్గించాలి, వేటికి తగ్గించకూడదు?

నేను పాటించే పరీక్ష ఒకటే. మామూలు వేగంతో చదువుతూ పోతాను. ఎక్కడైనా ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదవాల్సి వస్తే అక్కడ పక్కన చిన్న చుక్క పెడతాను. చుక్క పడినదానికే భాష మార్కుల్లో కోత. చుక్క లేకుండా దాటిపోయినవి ఎన్ని వంకరగా ఉన్నా కోత లేదు, నేర్పాల్సినవి మాత్రమే.

ఇది నా సొంత తెలివి కాదు. భాషా పరిశోధకురాలు మరీనా బర్ట్ 1975లోనే తప్పులను రెండుగా విడదీసి చూపించింది, వాక్యం మొత్తం అర్థాన్ని చెడగొట్టేవి, ఉన్నచోటే ఉండి అర్థానికి అడ్డు రానివి అని. 'ద' లేకపోవడం రెండో రకం. మాటల వరుస తారుమారవడం, రెండు వాక్యాలను కలిపే మాట తప్పుగా పడటం మొదటి రకం.

ఆమె పేపర్లో అన్నిటికన్నా నన్ను ఆపిన వాక్యం ఇది: 'మై మదర్ టోల్డ్ టు ఫైనాన్స్ మ్యాన్ దట్ ఐ విల్ గివ్ ఆఫ్టర్ బ్యాన్'. చదవడానికి ఎక్కడా తట్టుకోదు, దాదాపు సరిగ్గానే ఉన్నట్టుంటుంది. కానీ అప్పు తీర్చేది ఎవరు? ఇంగ్లీషు ప్రకారం చదివితే ఆ అమ్మాయే తీరుస్తుంది, తల్లి ఆ మాట ఫైనాన్స్ అతనికి చెప్పింది. ఆమె అనుకున్నది అది కాదు. తెలుగులో 'నిషేధం అయ్యాక నేను ఇస్తానని అమ్మ ఫైనాన్స్ అతనితో చెప్పింది' అంటాం, అక్కడ 'నేను' అంటే అమ్మే, ఎవరూ తికమకపడరు, ఎందుకంటే 'అని' వచ్చిందంటే లోపలిది చెప్పినవాళ్ల మాట. ఇంగ్లీషులో 'దట్' ఆ పని చేయదు, 'షీ' అని మార్చాల్సిందే. ఇక్కడ అర్థమే మారిపోయింది కాబట్టి దీనికి కోత వేయాలి, వేశాను. అదే పేపర్లో 'ద' లేని చోట్లు 14 ఉన్నాయి. వాటికి వేయలేదు.

చూడ్డానికి ఘోరంగా ఉన్నవి నిజానికి చిన్న తప్పులు కావచ్చు, నున్నగా ఉన్న వాక్యంలో పెద్ద తప్పు దాక్కుని ఉండొచ్చు. ఎర్ర పెన్ను చేతిలో ఉన్నప్పుడు మనం మొదటివాటి వెంటే పడతాం.

14 సార్లు వచ్చిన తప్పును ఒక్క తప్పుగా లెక్కపెట్టడం మరీ ఉదారం కాదా?

ఆ 14 చోట్లా ఆమెకు తెలియని సంగతి ఒక్కటే. ఒక్కో చోటికి అర మార్కు కోసినా 7 పోతాయి, భాషకు ఉన్నవే 5. ఒక్క విషయం రానందుకు భాష మార్కులు మొత్తం తీసేసి, ఇంకా రెండు అప్పు పెట్టినట్టు అవుతుంది. పైగా ఎక్కువ రాసినవాళ్లకు ఎక్కువ పోతాయి. నాలుగు వాక్యాలు రాసి ఊరుకున్నవాడు బతికిపోతాడు, మూడు వందల మాటలు రాసిన పిల్ల మునిగిపోతుంది. అందుకే ఒకే పద్ధతి తప్పు ఎన్నిసార్లు వచ్చినా ఒక్కటే.

నాకు తెలుగు వచ్చు కాబట్టి అంతా అర్థమైపోతుంది. అప్పుడు ఆ చుక్కల పరీక్ష పనిచేస్తుందా?

ఇది నన్ను చాలా ఇబ్బంది పెట్టిన ప్రశ్న. 'గవర్నమెంట్ గివింగ్ మనీ' దగ్గర నేను ఆగలేదు, చుక్క పెట్టలేదు. లోపల తెలుగు వాక్యం వినిపించేసింది. అంటే ఆమె రాసింది కాకుండా, ఆమె అనుకున్నదాన్ని నేను చదువుతున్నాను. జాలి లేకపోయినా, పక్షపాతం లేకపోయినా ఇలా జరుగుతుంది.

మా దగ్గర తెలుగు రాని సహోద్యోగి ఒకరున్నారు, నేవీ కుటుంబం, ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. విశాఖలో ఇలాంటివాళ్లు దొరకడం కష్టం కాదు. ఆవిడకు పేపరు ఇచ్చి, ఆగిన చోట చుక్క పెట్టమన్నాను. 'గివింగ్ మనీ' వాక్యంలో రెండు చుక్కలు పెట్టారు. ప్రభుత్వం ఇస్తోందా, డబ్బు వస్తోందా, మనుషులు బోటు మీద వెళ్తున్నారా, మూడు వాక్యాలు ఒకదానిలో ఇరుక్కున్నట్టుంది అన్నారు. అలాగే 'స్మాల్ స్మాల్ బోట్స్' దగ్గర ఆగలేదు, 'ఓన్లీ' దగ్గర ఆగలేదు. తల్లి అప్పు వాక్యం దగ్గరా ఆగలేదు, కానీ తర్వాత అడిగితే, కూతురు అప్పు తీర్చబోతోంది పాపం అన్నారు! అంటే తెలుగు రానివాళ్లు చదివితే కనిపించేవి వేరు, ఆగకుండా తప్పుగా అర్థం చేసుకునేవి కూడా ఉంటాయి. అందుకే చుక్కలు పెట్టించాక, ఇక్కడ ఏం అర్థమైంది అని ఒకటి రెండు వాక్యాల గురించి నోటితో అడుగుతాను.

అన్ని పేపర్లకూ ఇది కుదరదు. కట్టలోంచి ఐదారు పేపర్లకు చేయించుకుంటే చాలు, నా చెవికి ఏవి వినపడకుండా జారిపోతున్నాయో తెలుస్తుంది, మిగతావాటిలో వాటి కోసం చూస్తాను.

20 మార్కులను ఎలా విడగొట్టారు?

విషయానికి 8, అమరికకు 5, వాక్య నిర్మాణానికి 5, మాటల ఎంపికకూ స్పెల్లింగుకూ కలిపి 2. మొత్తంగా ఒక్క మార్కు వేసే పద్ధతిలో, ఏది చూసి ఎంత వేశామో మనకే తెలియదు. ఒకటి బాగుంటే మిగతావీ బాగున్నట్టు, ఒకటి బాగోకపోతే అన్నీ బాగోనట్టు కనిపించే గుణం మనుషుల్లో ఉందని మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1920లోనే రాశాడు, పేపర్లు దిద్దేటప్పుడు అది రోజూ కనిపిస్తుంది. రెండో భాషలో రాసే వ్యాసాల కోసం హోలీ జేకబ్స్ బృందం 1981లో చేసిన పట్టిక బాగా ప్రచారంలో ఉంది: నూటికి విషయం 30, అమరిక 20, పదజాలం 20, భాష వాడకం 25, స్పెల్లింగ్ వగైరా 5. మేం దాన్నే తీసుకుని, మా పిల్లలు రాసేది వాదన కాబట్టి విషయం వాటా పెంచి, పదజాలం వాటా తగ్గించుకున్నాం. మీరు వేరేగా పెట్టుకోవచ్చు, దిద్దడం మొదలుపెట్టాక మాత్రం మార్చకండి, పిల్లలకు ముందే చెప్పండి.

వాక్య నిర్మాణం 5 ఇలా: ఎక్కడా ఆగకపోతే, వంకర కూడా లేకపోతే 5. వంకరలున్నా ఆగకపోతే 4. ఒకటి రెండు చోట్ల ఆగితే 3. మూడు నుంచి ఐదు చోట్ల 2. అంతకన్నా ఎక్కువైతే 1.

ఆ అమ్మాయికి చివరికి ఎంత వచ్చింది?

విషయం 7. ఆ ఒక్కటి ఎందుకు పోయిందంటే, ఒడ్డున పనిచేసేవాళ్లను సాయం లెక్కలో చేర్చాలంది గానీ ఎవరు అమ్మేవాళ్లో ఎలా గుర్తించాలో ఒక్క మాట రాయలేదు. అమరిక 3, ఎందుకంటే ఓనరు సంగతీ కలాసీ సంగతీ ఒకే పేరాలో కలిసిపోయాయి, ఎక్కడ ఒకటి ముగిసిందో తెలియదు. వాక్య నిర్మాణం 2: అప్పు వాక్యం ఒకటి, 'గివింగ్ మనీ' వాక్యం ఒకటి, ఇంకో రెండు చోట్ల ఆగాం, మొత్తం నాలుగు. మాటలు, స్పెల్లింగ్ 1. మొత్తం 13.

చూడండి, భాషలో ఆమెకు నేను ఏమీ వదిలేయలేదు. 5కి 2 అంటే తక్కువే. 8 నుంచి 13కి పెరిగిన ఆ ఐదూ విషయానికి ఆమెకు ముందే రావాల్సినవి.

ప్రతి పేరాలోనూ అసలు మాట చివర్న 'సో' తో వచ్చింది, మనం కారణాలన్నీ చెప్పి 'అందుకే' అన్నట్టు. దానికి అమరికలో తగ్గించమని ఒకరు అన్నారు. నేను తగ్గించలేదు. అసలు మాట మొదట్లోనే ఉండాలన్నది ప్రశ్నలో లేదు, అది ఉందా లేదా, కారణాలు దానికి దారి తీశాయా అన్నదే చూశాను.

ఇలా చేస్తే ఇంగ్లీషు మీడియం పిల్లలకు అన్యాయం కాదా?

అదే కట్టలో ఇంకో పేపరు ఉంది, ఇంగ్లీషు మీడియం అబ్బాయిది, చేతిరాత కూడా ముత్యాల్లా ఉంది. నాలుగు పేరాలు, ఎక్కడా తప్పు లేదు. మొదట్లో 17 పడింది. పట్టిక ప్రకారం మళ్లీ చూస్తే, పర్యావరణానికి నిషేధం మంచిది అన్న ఒక్క మాటనే నాలుగు పేరాల్లో నాలుగు రకాలుగా చెప్పాడు, నష్టం ఎవరికో ఒక్క వాక్యం లేదు, ప్రశ్నలో సగం అదే కదా. విషయం 2, అమరిక 3, వాక్య నిర్మాణం 5, మాటలు 2. మొత్తం 12. భాషకు రావాల్సిన మార్కులు అతనికి పూర్తిగా వచ్చాయి. ఏ మీడియం అన్నది చూసి ఎవరికీ ఒక్క మార్కు కలపకూడదు, తీయకూడదు. తెలుగు మీడియం అని రెండు మార్కులు దయ చూపించే పద్ధతి నాకు అస్సలు ఇష్టం లేదు, ఆ పిల్ల రాసినదానికి విలువ ఉందని చెప్పడం మానేసి బిచ్చం వేసినట్టు ఉంటుంది.

ఏ క్రమంలో దిద్దాలి?

రెండు విడతలు. మొదటి విడతలో పెన్ను పక్కన పెట్టి చదివి, ఈ విద్యార్థి ఏమంటున్నాడో ఒక్క వాక్యంలో వేరే కాగితం మీద తెలుగులో రాసుకుంటాను, విషయం, అమరిక మార్కులు అక్కడే వేస్తాను. ఒక్క వాక్యంలో రాయలేకపోతే తప్పు నా చదవడంలో ఉందా, పేపర్లో ఉందా అని మళ్లీ చూస్తాను. మర్నాడు కట్ట కలిపేసి, నిన్నటి మార్కులు చూడకుండా, భాష కోసం మాత్రమే రెండో విడత. ఇద్దరు దిద్దితే, మొత్తంలో 3 కన్నా ఎక్కువ తేడా వచ్చినవి మాత్రమే కూర్చుని మాట్లాడుకుంటాం, సగటు తీసి వదిలేయం.

యూనివర్సిటీ పరీక్షల వాల్యుయేషన్‌లో కూడా ఇలా వేయొచ్చా?

అక్కడ ఇచ్చిన స్కీమే పాటించాలి, సొంత పట్టిక పెట్టకూడదు. స్కీమ్‌లో విషయానికీ భాషకూ విడి మార్కులు లేకపోతే చీఫ్ ఎగ్జామినర్‌ని మొదటి రోజే అడగండి. వ్యాకరణం ప్రశ్నల్లో, ఖాళీలు పూరించండి లాంటివాటిలో, ఈ చర్చే రాదు, 'ద' అడిగిన చోట 'ద' లేకపోతే సున్నాయే.

పేపరు మీద ఏం రాసి ఇవ్వాలి?

తప్పులన్నీ గీయకండి. ఆమె పేపరు మీద రెండింటినే గుర్తించాను. 'గివింగ్ మనీ' పక్కన 'ప్రభుత్వం ఇచ్చే డబ్బు' అని తెలుగులో రాసి, డబ్బును ముందుకు తెచ్చే బాణం గీశాను. అప్పు వాక్యం పక్కన 'ఎవరు ఇస్తారు?' అని మాత్రం రాశాను. ఆమె వచ్చి, మా అమ్మే కదా మేడమ్ అంది. బయటివాళ్లు చదివితే నువ్వు అనుకుంటారమ్మా అన్నాను. కాసేపు దాన్ని చూసి, 'ఐ' కొట్టేసి 'షీ' రాసింది, తర్వాత అదే పేపర్లో అలాంటిది ఇంకోటి తనే వెతికి పట్టుకుంది, నేను దాన్ని గమనించనే లేదు.

60 పేపర్లు ఉంటే ఇంత టైమ్ ఎక్కడిది?

నాకు మొదటి విడత పేపరుకు నాలుగు నిమిషాలు పడుతుంది, రెండోది రెండు నిమిషాలు. 60 పేపర్లకు ఆరు గంటలు. ప్రతి తప్పూ గీస్తూ దిద్దినప్పుడు కూడా దాదాపు అంతే పట్టేది.